సెన్సర్ 6.9 అంటోంది, ల్యాబ్ 8.3 అంటోంది

డాక్టర్ గారూ, నాకు 45 ఏళ్లు. మాది కోనసీమలో కాలవ గట్టున ఉన్న ఊరు. ఆరేళ్లుగా షుగరుంది. పొద్దున, రాత్రి మెట్‌ఫార్మిన్, పొద్దున గ్లిమెపిరైడ్ 1 మి.గ్రా. వేసుకుంటాను. హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి చేతికి పెట్టుకునే సెన్సర్లు పంపాడు. వరసగా రెండు, మొత్తం 28 రోజులు పెట్టుకున్నాను. యాప్‌లో సగటు 150, జీఎంఐ 6.9 అని వచ్చింది. అదే వారం ల్యాబ్‌లో మూడు నెలల షుగర్ పరీక్ష చేయిస్తే 8.3! డాక్టరు గారు సెన్సర్ సంగతి పట్టించుకోకుండా గ్లిమెపిరైడ్ 2 మి.గ్రా. చేశారు. ఎనిమిది రోజులైంది. ఇప్పుడు మూడో సెన్సర్ రాత్రిళ్లు మోగుతోంది. ఒక రాత్రి 54 అంది, నాకేమీ తెలియలేదు. ఇంకో రాత్రి 58, ఒళ్లంతా చెమట, గుండె దడ. బెల్లం ముక్క తిన్నాక సర్దుకుంది. మా వారేమో "ల్యాబ్ అబద్ధం చెప్పదు, నువ్వే చాటుగా ఏదో తింటున్నావు" అంటున్నారు. నిజానికి నేను చాటుగా తినేది ఒక్కటే, పచ్చి బియ్యం. ఏడాదిగా గుప్పెడు నమలకపోతే ఉండలేకపోతున్నాను. నెలసరి కూడా ఏడాదిగా ఎనిమిదేసి రోజులు, బాగా ఎక్కువగా అవుతోంది. రిపోర్టులో హిమోగ్లోబిన్ 8.9 అని ఉంది. దాని గురించి ఎవరూ ఏమీ అనలేదు. ఏ నంబరు నమ్మాలి? మాత్ర ఇలాగే వేసుకోనా?
— ఒక సోదరి, కోనసీమ

చెల్లెమ్మా, నంబర్ల తగువు తర్వాత చూద్దాం. ముందు రాత్రి మోతల సంగతి.

చెమట పట్టి, గుండె దడదడలాడి, బెల్లం తినగానే తగ్గిన ఆ రాత్రి మీకు షుగర్ నిజంగానే పడిపోయింది. అనుమానం అక్కర్లేదు. గ్లిమెపిరైడ్ మోతాదు పెంచిన వారంలోనే ఇది జరిగింది కాబట్టి, ఈ ఉత్తరం చదివిన రోజే మీ డాక్టరు గారికి ఫోన్ చేయండి. "2 మి.గ్రా. మొదలుపెట్టాక రాత్రి 58కి పడిపోయింది, చెమట పట్టింది, తీపి తింటే తగ్గింది" అని ఈ ముక్కలే చెప్పండి. సెన్సర్ మీద ఆయనకు నమ్మకం లేకపోయినా ఈ లక్షణాలు విన్న ఏ డాక్టరైనా మోతాదు గురించి మళ్లీ ఆలోచిస్తారు. ఆయన దొరక్కపోతే మర్నాటి మాత్ర వేసుకునే లోపు ఇంకో డాక్టరును అడగండి. మీ అంతట మీరు మందులన్నీ ఆపేయకండి.

54 అన్న రాత్రి సంగతి వేరే అయి ఉండొచ్చు. సెన్సర్ ఉన్న చేతి మీదకి ఒత్తిగిలి పడుకుంటే ఆ చోట చర్మం కింద ద్రవం కదలిక తగ్గి, అంకె తప్పుగా కిందకి పోతుంది. యాప్‌లో ఆ రాత్రి గీతను తెరిచి చూడండి. నూతిలో రాయి పడ్డట్టు ఒక్కసారిగా దిగి, కాసేపయ్యాక ఏమీ తినకుండానే అంతే నిటారుగా పైకి లేచిందా? అయితే అది చెయ్యి నొక్కుకుపోవడం వల్ల వచ్చిన తప్పుడు అంకె అయ్యుండొచ్చు. నిజంగా పడిపోయినప్పుడు గీత మామూలుగా వాలుగా జారుతుంది, తిన్నాకే లేస్తుంది. అయినా అర్ధరాత్రి గీతలు చదువుతూ కూర్చోకండి. మోగగానే లేచి వేలికి సూది పొడిచి మీటర్‌లో చూసుకోండి. 70 లోపుంటే మూడు చెంచాల పంచదార గానీ, 15 గ్రాముల గ్లూకోజు పొడి గానీ నీళ్లలో కలిపి తాగి, పావుగంట ఆగి మళ్లీ చూసుకోండి. బెల్లం కూడా పనిచేస్తుంది, కానీ ముక్క నమిలి మింగేసరికి ఆలస్యమవుతుంది. మీటర్ అందుబాటులో లేకుండా చెమట పడితే పరీక్ష కోసం ఆగొద్దు, ముందు తాగేయండి. ఒకవేళ మీరు పిలిచినా పలకని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలని మీ వారికి ఇప్పుడే చెప్పి ఉంచండి.

ఇక మీ అసలు ప్రశ్న. ఈ రెండు అంకెలూ శాతంలోనే ఉంటాయి, చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. కానీ అవి కొలిచే వస్తువులు వేరు.

జీఎంఐ అనేది ఎక్కడా రక్తాన్ని చూడదు. చర్మం కింది ద్రవంలో ఉన్న గ్లూకోజును సెన్సర్ కొన్ని నిమిషాలకోసారి చూసి, వాటన్నిటికీ సగటు కడుతుంది. ఆ ఒక్క సగటును ఒక సూత్రంలో వేస్తే జీఎంఐ వస్తుంది. సూత్రం ఇదీ:

```
GMI (%) = 3.31 + 0.02392 × mean glucose (mg/dL)
```

మీ సగటు 150. దాన్ని 0.02392తో గుణిస్తే 3.59 వస్తుంది, దానికి 3.31 కలిపితే 6.9. అంతే, ఇందులో ఇంకే రహస్యమూ లేదు. "ఇంత సగటున్న వాళ్లకి ల్యాబ్‌లో సాధారణంగా ఎంత వస్తుంది?" అని చాలామంది లెక్కలు చూసి గీసిన గీత ఈ సూత్రం. మీ ఒంటి గురించి దానికి తెలిసింది ఆ 150 ఒక్కటే. మొదట్లో దీన్ని "అంచనా ఏ1సీ" అనేవారు. ఏ1సీ అంటే మీరు ల్యాబ్‌లో చేయించిన ఆ మూడు నెలల పరీక్షే. ఆ పేరు చూసి జనం, డాక్టర్లూ కూడా ఇదే ల్యాబ్ ఫలితమనుకుని తికమకపడుతుంటే 2018లో పేరు మార్చారు. పేరు మారింది గానీ తికమక మీ ఇంటిదాకా వచ్చింది చూడండి.

ల్యాబ్ వాళ్లు చూసేది గ్లూకోజును కాదు. మన రక్తంలో ఎర్రకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. బతికినన్నాళ్లూ దాని లోపలి హిమోగ్లోబిన్‌కి కాస్త కాస్త చక్కెర అంటుకుంటూ ఉంటుంది. ఒకసారి గట్టిగా అంటుకుంటే ఇక ఊడదు. మొత్తం హిమోగ్లోబిన్‌లో ఎంత శాతానికి అలా చక్కెర పట్టిందో చెప్పేదే హెచ్‌బీఏ1సీ, మన ఊళ్లలో అనే మూడు నెలల షుగర్ పరీక్ష.

మీ ఇంటి ముందు కాలవలో పాతిన గుంజలు గుర్తు తెచ్చుకోండి. గుంజకి ఎంత నాచు పట్టిందన్నది రెండు విషయాల మీద ఆధారపడుతుంది. నీళ్లు ఎలాంటివి, గుంజ ఎన్నాళ్లుగా నీళ్లలో ఉంది. నీళ్లు ఒకటే అయినా నిన్న పాతిన గుంజకి నాచుండదు, నిరుటి గుంజ పచ్చగా ఉంటుంది. సెన్సర్ నీళ్లను చూస్తోంది. ల్యాబ్ నాచును చూస్తోంది. ఎప్పటికప్పుడు పాతవి తీసి కొత్తవి పాతుతున్నంత కాలం నాచును చూసి నీళ్లెలా ఉన్నాయో చెప్పేయొచ్చు. కొత్త గుంజలు రావడం తగ్గిపోయి, ఉన్నవన్నీ పాతవే అయితే? నీళ్లు మారకపోయినా నాచు ఎక్కువ కనిపిస్తుంది.

మీ ఒంట్లో ఇదే జరుగుతోందని నా అనుమానం. ఎందుకో చెప్తాను, కానీ అంతకుముందు తప్పు సెన్సర్‌దేమో చూద్దాం. అది చూడకుండా ల్యాబ్ మీద నేరం మోపడం న్యాయం కాదు.

మొదట చూడాల్సింది సెన్సర్ పెట్టుకున్న రోజులు చాలా అన్నది. జీఎంఐకి కనీసం 14 రోజులు కావాలి, అందులో కనీసం 70 శాతం సమయానికి అంకెలు నమోదై ఉండాలి. సంక్రాంతి వారంలో ఒక్క వారమే పెట్టుకుంటే వచ్చేది అరిసెల సగటే గానీ మీ సగటు కాదు. మీరు 28 రోజులు పెట్టుకున్నారు, కాబట్టి ఆ చిక్కు చాలావరకు లేదు. నమోదు శాతం ఎంతో మాత్రం యాప్‌లో ఒకసారి చూసుకోండి. పోతే, ఏ1సీ వెనక మూడు నెలల్ని చూస్తుందంటారు గానీ అన్ని నెలలకీ సమానంగా కాదు. దాదాపు సగం వాటా ఆఖరి నెలదే. అంటే మీ 28 రోజుల సెన్సర్, ల్యాబ్ పరీక్షలో పెద్ద వాటా ఉన్న రోజుల్నే చూసింది. అంతకుముందు రెండు నెలల్లో పెళ్లిళ్లు, పండగలు, జ్వరాలు, స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఏమైనా ఉన్నాయా? ఉంటే తేడాలో కొంత వాటా వాటిది. సెన్సర్ వచ్చాక భయంతో అన్నం తగ్గించారా? చాలామంది తగ్గిస్తారు. అదీ కొంత వాటాయే.

రెండోది, రాత్రి చెయ్యి నొక్కుకుపోవడం వల్ల సగటు తప్పుగా తగ్గిందేమో. లెక్క కట్టి చూద్దాం. రోజూ రాత్రి రెండు గంటలపాటు, అసలు 120 ఉన్నచోట సెన్సర్ 60 చూపించిందనుకుందాం. రెండు గంటలపాటు 60 తక్కువ చూపిస్తే 24 గంటల సగటు పడేది 5 మాత్రమే. జీఎంఐలో అది 0.1 చిల్లర. మీ తేడా 1.4.

మూడోది, సెన్సర్ మొత్తంగా తక్కువ చూపిస్తోందేమో. పది శాతం తక్కువ చూపిస్తోందనుకున్నా అసలు సగటు 167 దగ్గరుంటుంది, జీఎంఐ 7.3 అవుతుంది. 8.3కి ఇంకా ఒక శాతం దూరమే. అయినా లెక్కల్లో తేల్చడం కంటే వేలి మీద తేల్చుకోవడం మేలు. ఇప్పుడు పెట్టుకున్న సెన్సర్ మొదటి రోజు దాటాక మూడు రోజులపాటు రోజుకి రెండుసార్లు, పరగడుపున ఒకసారి, రాత్రి భోజనానికి ముందు ఒకసారి చేతులు సబ్బుతో కడిగి ఆరబెట్టుకుని మీటర్‌తో చూడండి. ఆ నిమిషానికి సెన్సర్ అంకె కూడా పక్కనే రాసుకోండి. సెన్సర్‌లో బాణం అడ్డంగా ఉన్నప్పుడే చూడాలి. బాణం పైకో కిందకో ఉంటే చర్మం కింద ద్రవం రక్తం కంటే కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుంది, అప్పుడు రెండూ కలవకపోవడమే మామూలు. ఆరు జతల్లో ఎక్కువ భాగం 15 శాతం అటూ ఇటూగా కలిస్తే, కొన్ని ఎక్కువ కొన్ని తక్కువగా ఉంటే, సెన్సర్ మీద కేసు కొట్టేయొచ్చు. ఆరింటిలోనూ సెన్సరే బాగా తక్కువ చూపిస్తే నా మిగతా వాదన బలహీనపడుతుంది. అప్పుడు మీ డాక్టరు గారి 8.3కి బలం వస్తుంది. ఈ మాట ముందే చెప్పుకోవడం మంచిది.

ఆ అంకెలు కలుస్తాయనే నా లెక్క. ఎందుకంటే మీ ఉత్తరంలో షుగర్ కానివి మూడు వాక్యాలున్నాయి. నెలసరి ఎనిమిదేసి రోజులు, హిమోగ్లోబిన్ 8.9, పచ్చి బియ్యం. నాకు ఉత్తరంలో అసలు విషయం అక్కడే కనబడింది. పచ్చి బియ్యం, మట్టి, సుద్ద, ఐసుముక్కలు ఇలాంటివి తినాలని ఆగని కోరిక పుట్టడం ఇనుము లోపానికి బాగా తెలిసిన గుర్తు. అది మీ బలహీనత కాదు, తిండియావ అంతకంటే కాదు. ఇనుము భర్తీ అయితే చాలామందిలో ఆ కోరిక దానంతటదే పోతుంది. ఏడాదిగా నెలనెలా పోతున్న రక్తంతో మీ ఇనుము నిల్వ ఖాళీ అయిపోయి ఉంటుంది.

ఇక్కడ తెలివైన పాఠకులెవరైనా అడ్డు ప్రశ్న వేస్తారు. రక్తం పోతే పాత కణాలు పోయి కొత్తవి రావాలి కదా, అప్పుడు ఏ1సీ తగ్గాలి కదా అని. నిజమే, ఒంట్లో ఇనుము నిల్వ ఉన్నంత కాలం అలాగే తగ్గుతుంది. ఒక్కసారిగా చాలా రక్తం పోయినవాళ్లలో, రక్తం ఎక్కించుకున్నవాళ్లలో తగ్గడమే చూస్తాం. నిల్వ అయిపోయాక కథ మారుతుంది. కొత్త కణాల తయారీ మందగిస్తుంది, రక్తంలో పాత కణాల వాటా పెరుగుతుంది, గ్లూకోజు పెరగకపోయినా ఏ1సీ పెరుగుతుంది. మీది రెండో దశలా కనిపిస్తోంది.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఇనుము లోపం ఒక్కటే 1.4 మొత్తాన్నీ మోస్తుందని నేను పందెం కాయను. చాలామందిలో అది పెంచేది అంతకంటే తక్కువే. దానికి తోడు ఇంకేదైనా ఉండొచ్చు. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో బి12 తగ్గుతుంది, ఆ లోపం కూడా ఏ1సీని పైకి నెట్టగలదు. పుట్టుకతో హిమోగ్లోబిన్ తీరు వేరుగా ఉండటం, తలసేమియా లక్షణం ఉండటం వంటివి కొన్ని ల్యాబ్ పద్ధతుల్ని తప్పుదారి పట్టిస్తాయి. వీటన్నిటికీ తోడు, ఏ జబ్బూ లేకపోయినా మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది. ఎర్రకణాలు ఒకరిలో నాలుగు రోజులు ఎక్కువ బతుకుతాయి, ఒకరిలో తక్కువ. అందుకే ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా జీఎంఐకీ ఏ1సీకీ 0.2, 0.3 తేడా రావడం రోజువారీ సంగతి. అర శాతం తేడా ఉన్నవాళ్లు కూడా అరుదేం కాదు. ఒక శాతం దాటితేనే నేను కారణం వెతకడం మొదలుపెడతాను. మీది దాటింది.

కాబట్టి రక్తపరీక్షలు. మీ దగ్గరున్న రిపోర్టులోనే హిమోగ్లోబిన్ కింద ఎంసీవీ అని ఒక వరస ఉంటుంది. ఎర్రకణం సైజు అది. మామూలుగా 80 నుంచి 100 మధ్య ఉండాలి. 80కి బాగా కిందుంటే కణాలు చిన్నబోయాయన్నమాట. కొత్తగా చేయించాల్సిన ముఖ్యమైన పరీక్ష ఫెరిటిన్, అంటే ఇనుము గాదెలో ఎంత మిగిలిందో చెప్పేది. అది 15 లోపుంటే ఇనుము లోపం ఖాయం. ఒంట్లో వాపు, జ్వరం లాంటివి ఉంటే ఫెరిటిన్ పైకి కనిపిస్తుంది కాబట్టి జలుబు దగ్గు ఉన్న వారంలో చేయించకండి. ఎంసీవీ తక్కువుండి ఫెరిటిన్ మాత్రం నిండుగా ఉంటే, అప్పుడు తలసేమియా లక్షణం కోసం చూడాలి. ఆ సంగతి తేలకుండా ఇనుము మాత్రలు మింగుతూ పోకూడదు. బి12 కూడా అదే రక్తంతో చేయించవచ్చు.

ల్యాబ్ వాళ్లని ఇంకో మాట అడగండి, ఏ1సీ ఏ పద్ధతిలో చేశారని. హెచ్‌పీఎల్‌సీ అయితే దానితో ఒక గ్రాఫు వస్తుంది, కావాలంటే ఇస్తారు. అందులో మామూలుగా ఉండకూడని శిఖరం ఏదైనా కనిపిస్తే హిమోగ్లోబిన్ తీరు వేరన్న సూచన దొరుకుతుంది. వీలుంటే ఫ్రక్టోసమైన్ పరీక్ష కూడా మీ డాక్టరు గారితో మాట్లాడండి. ఇది ఎర్రకణంతో సంబంధం లేకుండా రక్తంలోని ప్రోటీన్లకి పట్టిన చక్కెరను చూస్తుంది, రెండు మూడు వారాల కథ చెప్తుంది. సెన్సర్‌కీ ల్యాబ్‌కీ మధ్య మూడో సాక్షి అన్నమాట. కిడ్నీ ద్వారా ప్రోటీన్ పోతున్నవాళ్లలో, లివర్ జబ్బు ఉన్నవాళ్లలో ఈ సాక్షి కూడా తడబడుతుంది. చిన్న ఊళ్ల ల్యాబులు చాలావరకు దీన్ని బయటికి పంపించి చేయిస్తాయి, ఖర్చవుతుంది. వేలి పరీక్షలు సెన్సర్‌తో కలిస్తే ఇది లేకపోయినా ఫర్వాలేదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

8.3 నమ్మి గ్లిమెపిరైడ్ 2 మి.గ్రా. కొనసాగించొచ్చు. ల్యాబు లెక్కన 8.3 అంటే రోజు సగటు 190 దాటి ఉండాలి. అంత సగటున్న మనిషికి మోతాదు పెంచడం సబబే. మీ సగటు నిజంగా 150 అయితే మాత్రం, ఆ పెంచిన మాత్ర లేని షుగర్‌ని వెతుక్కుంటూ పోయి రాత్రిళ్లు మిమ్మల్ని పడగొడుతుంది. ఇప్పటికే పడగొట్టింది. మూడు నెలల తర్వాత ఇనుము లోపం అలాగే ఉంటే ల్యాబు మళ్లీ ఎక్కువే చూపిస్తుంది, ఇంకో మాత్ర చేరుతుంది. ఈ దారి గురించి నాకు భయం ఎక్కువ. ప్రాక్టీసు మొదట్లో నేనూ ఇలాగే ఒకామెకి నెలల తరబడి కాగితం చూసి మోతాదు పెంచుకుంటూ పోయాను. ఒకరోజు పొలంగట్టు మీద కళ్లు తిరిగి పడిపోతే మోసుకొచ్చారు. అప్పుడు ఆమె కనురెప్ప కిందకి లాగి చూశాను. సుద్దలా తెల్లగా ఉంది.

ల్యాబుని పక్కనపెట్టి 6.9తో సంతోషపడి ఊరుకోవచ్చు. షుగర్ వరకూ అది పెద్ద పొరపాటు కాకపోవచ్చు. కానీ అప్పుడు 8.9 హిమోగ్లోబిన్‌ని ఎవరూ పట్టించుకోరు, నెలసరి సంగతి ఎవరూ చూడరు. ఈ వయసులో ఏడాదిగా అంత రక్తం పోతుంటే గర్భసంచిలో గడ్డలా, లోపలి పొర మందమైందా, థైరాయిడా అన్నది స్త్రీల డాక్టరు స్కాన్ తీయించి చూడాల్సిందే. మీరు ఏ నంబరు నమ్మినా ఈ పని తప్పదు. చెప్పులు లేకుండా వరిచేలో, తోటలో దిగే అలవాటుంటే కొంకి పురుగుల మాట కూడా డాక్టరుతో అనండి. మన తడి నేలల్లో అవి పాదాల గుండా లోపలికి పోయి పేగులో రక్తం తాగుతాయి. దానికి మందు సులువే.

మూడో దారి నాకు నచ్చింది, నిర్ణయం మీదీ మీ డాక్టరు గారిదీ. షుగర్ మందుని సెన్సర్, మీటర్ కలిసి చెప్పే మాట మీద నడపడం. ఇనుము లోపాన్ని దాని దారిన సరిచేయడం. అది సరయ్యేదాకా ఏ1సీ చూసి ఏ మాత్రా పెంచకపోవడం, తగ్గించకపోవడం. దీనికి ఖర్చుంది. సెన్సర్ చవక వస్తువు కాదు, రెండు వారాలకే అయిపోతుంది. నెలనెలా కొననక్కర్లేదు. మోతాదు సర్దుకున్నాక ఒకటి, ఇనుము మొదలుపెట్టిన రెండు మూడు నెలలకి ఒకటి పెట్టుకుని, మధ్యలో వేలి పరీక్షలతో నెట్టుకురావచ్చు. సెన్సర్ పెట్టుకున్నప్పుడు జీఎంఐ ఒక్కటే చూడకండి. 70కీ 180కీ మధ్య ఎంత శాతం సమయం ఉన్నారు, 70 కింద ఎంతసేపున్నారు అన్న వరసలు కూడా చూడండి. మీలాంటి వాళ్లకి మొదటిది 70 శాతం దాటాలి, రెండోది 4 శాతం లోపుండాలి. సగటు 150 అన్నది 250కీ 50కీ మధ్య ఊగినా వస్తుంది.

ఈ మూడో దారిలో ఒక గొయ్యి ఉంది, ముందే చూపిస్తాను. ఇనుము మాత్రలు పడటం మొదలయ్యాక కొత్త ఎర్రకణాలు వెల్లువలా వస్తాయి. అన్నీ చక్కెర పట్టని లేత కణాలు. అప్పుడు మీరు తిండిలో మెతుకు మార్చకపోయినా, మాత్ర మార్చకపోయినా ఏ1సీ తనంతట తాను దిగిపోతుంది. 8.3 కాస్తా 7 అవ్వొచ్చు. కొన్నాళ్లు అసలు సగటు చెప్పాల్సిన దానికంటే కిందకి కూడా పోవచ్చు. అప్పుడు ఎవరో "భలే, మందు పనిచేసింది" అంటారు, ఇంకెవరో "షుగర్ తగ్గిపోయింది, మాత్ర తీసేద్దాం" అంటారు. రెండూ తప్పే. మొదట్లో పాత గుంజల నాచు చూసి మోసపోయాం, ఇప్పుడు కొత్త గుంజల శుభ్రం చూసి మోసపోతాం. అందుకని హిమోగ్లోబిన్ మామూలు స్థాయికి వచ్చి నిలిచాక ఇంకో మూడు నెలలు ఆగి చేయించే ఏ1సీకే విలువ. మధ్యలో రక్తం ఎక్కించాల్సి వచ్చినా అంతే, అప్పుడు ఒంట్లో ఉన్నవి వేరొకరి గుంజలు.

ఇనుము మాత్ర టీ, కాఫీలతో వేసుకుంటే ఒంటబట్టదు. గంట ఎడం ఉండాలి. విరేచనం నల్లగా అవుతుంది, భయపడొద్దు. కడుపులో తిప్పితే మానేయకుండా రోజు విడిచి రోజు వేసుకోవచ్చా అని అడగండి, చాలామందికి అలా కూడా సరిపోతుంది. హిమోగ్లోబిన్ పెరిగాక కూడా గాదె నిండటానికి కొన్ని నెలలు వాడాలి.

మీ ఉత్తరం చదివే ఇతరులకి ఒక పక్కమాట. ఏ1సీ ఎక్కువై జీఎంఐ తక్కువైతేనే గొడవ కాదు, తిరగబడ్డ తేడా ఇంకా మోసకారి. కిడ్నీ జబ్బు ముదిరి డయాలసిస్ చేయించుకుంటూ, రక్తం పెరిగే ఇంజెక్షన్లు తీసుకునేవాళ్లలో ఎర్రకణాలు తొందరగా చనిపోతాయి, కొత్తవి ఎక్కువ వస్తాయి. వాళ్లకి ల్యాబులో 6.2 వచ్చి ఇంట్లో మీటర్ 200 చూపిస్తుంటే మీటరునే నమ్మాలి. ఇంకొకటి, సగటు బాగా ఎక్కువున్నవాళ్లలో సూత్రాలే విడిపోతాయి. సగటు 250 ఉంటే జీఎంఐ సూత్రం 9.3 అంటుంది, ల్యాబు వాళ్లు రిపోర్టు మీద సగటు వేయడానికి వాడే పాత సూత్రం అదే సగటుకి 10.3 అంటుంది. అక్కడ ఒక శాతం తేడాకి ఒంట్లో లోపమేదీ ఉండనక్కర్లేదు. మీ 150 దగ్గర మాత్రం రెండు సూత్రాలూ 6.9 దగ్గరే కలుస్తాయి, అందుకే మీ తేడాను సూత్రం మీదకి నెట్టలేం.

ఇనుము సరయ్యాక కూడా తేడా కొంత మిగిలిపోతే? మిగలొచ్చు. అప్పుడది మీ ఒంటి తీరు అనుకుని, "ఈవిడకి ల్యాబు 0.6 ఎక్కువ చూపిస్తుంది" అని మీ ఫైలు మీద రాయించుకోండి. తర్వాత ఏడాది ఆ తేడా హఠాత్తుగా మారితే మళ్లీ రక్తం సంగతి చూడాలన్న గుర్తుగా పనికొస్తుంది. ఏ అంకె ఏమన్నా ఏడాదికోసారి కంటి లోపలి పొర పరీక్ష, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష మానొద్దు. షుగర్ ఒంటిని నిజంగా దెబ్బతీస్తోందా లేదా అన్నది అక్కడ నేరుగా కనబడుతుంది.

మీ వారి సంగతి. ఆయన ల్యాబు కాగితం పట్టుకుని తీర్పు చెప్పారు కాబట్టి, ఆయన చేతికే ఇంకో కాగితం ఇవ్వండి. ఆరు జతల వేలి పరీక్షలు ఆయనతోనే చేయించండి, ఆయన చేత్తోనే రాయించండి. చాటుగా పూతరేకులో, జంతికలో తినేస్తుంటే సెన్సర్ గీతలో ఆ గంటలో గుట్టలు లేస్తాయి, దాగవు. పచ్చి బియ్యం గుప్పెడు తిన్నా చిన్న గుట్ట లేస్తుంది, ఆ సగటు 150లో అదీ కలిసే ఉంది. బియ్యం సంగతి మాత్రం ఆయనకీ డాక్టరు గారికీ మీరే చెప్పేయండి. చెప్పకపోతే ఒకరికి అనుమానం మిగులుతుంది, ఇంకొకరికి జబ్బు దొరక్కుండా పోతుంది. మీ అబ్బాయికి ఫోన్లో మీ గీతలు కనిపిస్తుంటే రాత్రి మోతలు వరకు చూడమనండి, ప్రతి భోజనానికీ హైదరాబాదు నుంచి లెక్కలడగొద్దనండి.

ఈసారి డాక్టరు గారి దగ్గరకి వెళ్లేటప్పుడు "ల్యాబు తప్పు" అని మొదలుపెట్టకండి. ఆయన చూసిన 8.3 తప్పుగా కొలిచిన అంకె కాకపోవచ్చు, మీ విషయంలో దాని అర్థం వేరు, అంతే. సెన్సర్ 28 రోజుల రిపోర్టు ప్రింటు, ఆరు జతల కాగితం, హిమోగ్లోబిన్ రిపోర్టులో 8.9 దగ్గర, ఎంసీవీ దగ్గర పెన్నుతో గీత. ఈ మూడూ బల్ల మీద పెట్టి, "నాకు నెలసరి ఇలా ఉంది, పచ్చి బియ్యం తినాలనిపిస్తోంది, ఫెరిటిన్ చేయించమంటారా?" అని అడగండి. ఫెరిటిన్ ఫలితం వచ్చాక ఆ అంకె, అప్పటికి ఏ మోతాదులో ఉన్నారో రాసి మళ్లీ ఉత్తరం వేయండి.